ఆ బటన్‌కు పేరు పెట్టారా?

కిరాణా సరుకులు ఇంటికి తెప్పించుకునే యాప్ ఏదైనా తెరిచి, బుట్ట పేజీ చూడండి. ఒక్కో సరుకుకు ఒక్కో వరుస ఉంటుంది. ఎడమవైపు చిన్న ఫొటో, పక్కన ‘కందిపప్పు 1 కిలో’ అని పేరు, దాని కింద ₹160 అని ధర, కుడివైపు మైనస్ గుర్తు, మధ్యలో అంకె, ఆ పక్కన ప్లస్ గుర్తు. చూపున్నవాళ్లకు ఇందులో వివరించి చెప్పాల్సింది ఏమీ లేదు. ప్లస్ నొక్కితే రెండు కిలోలు అవుతుంది, మైనస్ నొక్కితే మళ్లీ ఒకటికి వస్తుంది.

ఇదే వరుసను చూపులేని మనిషి ఎలా వాడతారు? ఆండ్రాయిడ్ ఫోన్లలో టాక్‌బ్యాక్ అనే సాధనం ఉంది. తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే స్క్రీన్ రీడర్ అది. 2009 నుంచీ ఆండ్రాయిడ్‌లో ఉంది. దాన్ని ఆన్ చేస్తే ఫోన్ వాడే పద్ధతే మారిపోతుంది. తెర మీద వేలు పెడితే బటన్ నొక్కుకోదు, వేలి కింద ఏముందో ఫోన్ చెబుతుంది. వేలిని కుడివైపుకు జరిపితే తర్వాతి అంశం మీదికి, ఎడమవైపుకు జరిపితే వెనకటి అంశం మీదికి వెళ్తుంది. కావలసినది వినిపించాక తెర మీద ఎక్కడైనా రెండుసార్లు తడితే, అప్పుడు ఆ బటన్ పనిచేస్తుంది.

ఇక్కడ గ్రహించాల్సింది ఒకటుంది. టాక్‌బ్యాక్ తెరను మనలా చూడదు. యాప్ రాసినవారు ఒక్కో అంశానికి ఏ పేరు ఇచ్చారో, అది బటనా, బొమ్మా, పెట్టెనా అన్నది యాప్ నుంచి తెలుసుకుని దాన్నే పలుకుతుంది. ‘కందిపప్పు 1 కిలో’ అనేది అక్షరాలే కాబట్టి ఎవరూ ఏమీ చేయకపోయినా చదివేస్తుంది. మైనస్ గుర్తు అలా కాదు, అది బొమ్మ. బొమ్మకు డెవలపర్ పేరు పెట్టకపోతే వినిపించేది ‘అన్‌లేబుల్డ్, బటన్’. అంటే ఇక్కడో బటన్ ఉంది, ఏం చేస్తుందో తెలియదు అని. ప్లస్ దగ్గరకు వెళ్లినా అదే మాట. ఒకటి పెంచుతుంది, ఇంకొకటి తగ్గిస్తుంది, రెండిటికీ ఒకే పలుకు.

పద్ధతి పట్టుకోవడానికి ఈ ఒక్క వరుసను తీసుకుని సరిచేద్దాం. ఇందులో దొర్లే పొరపాట్లే బ్యాంకు యాప్‌లోనూ, బస్సు టిక్కెట్ల యాప్‌లోనూ దొర్లుతాయి. ఐఫోన్‌లో సాధనం పేరు వాయిస్ ఓవర్, కోడ్‌లో రాసే మాటలు వేరు. ఆలోచన మాత్రం ఇదే.

ముందు ఫొటో సంగతి చూద్దాం. బొమ్మకు ఇచ్చే పేరును ఆండ్రాయిడ్‌లో కంటెంట్ డిస్క్రిప్షన్ అంటారు. అది లేకపోతే ప్రోగ్రాం రాసే సాఫ్ట్‌వేరే పసుపు రంగులో హెచ్చరిక చూపిస్తుంది. ఆ హెచ్చరిక పోతే చాలనుకుని చాలామంది ఫైలు పేరే అందులో పెట్టేస్తారు. అప్పుడు వరుసలో మొదట వినిపించేది ‘ఐఎంజీ అండర్‌స్కోర్ తూర్ దాల్ జీరో వన్’. హెచ్చరిక పోయింది, వినేవారికి మాత్రం ప్రతి వరుసలోనూ ఒక అడ్డు తయారైంది. మరి ఫొటోకు ‘కందిపప్పు’ అని పేరు పెడితే? పక్కనే అక్షరాల్లో అదే ఉంది కనుక కందిపప్పు అని రెండుసార్లు వినాలి. అంటే ఈ ఫొటోకు పేరు అవసరం లేదు. చూపున్నవాళ్లకు గుర్తుపట్టడానికి అది సాయం, వినేవారికి అదనంగా ఏమీ చెప్పదు. దాన్ని దాటి వెళ్లమని టాక్‌బ్యాక్‌కు చెప్పాలి:

```xml
android:importantForAccessibility="no"
```

పేరు పెట్టడం మర్చిపోవడం వేరు, పేరు అక్కర్లేదని ఆలోచించి ఇలా రాయడం వేరు. బొమ్మ ఏదైనా మొదట అడగాల్సిన ప్రశ్న, ‘ఇది తీసేస్తే చదివేవారికి ఏ సమాచారం పోతుంది?’ అని. ఏమీ పోదంటే మౌనంగా ఉంచాలి. అదే యాప్‌లో పాడైపోయిన టమాటా ఫొటో తీసి ఫిర్యాదు పంపే పేజీ ఉంటే, అక్కడ ఫొటోయే సమాచారం. దానికి పేరు ఉండి తీరాలి.

ఇప్పుడు మైనస్, ప్లస్ గుర్తులు. వీటికి ‘మైనస్’, ‘ప్లస్’ అని పేర్లు పెట్టడం సగం పనే. గుర్తు ఎలా కనబడుతుందో కాదు, నొక్కితే ఏం జరుగుతుందో చెప్పాలి. ‘తగ్గించు’, ‘పెంచు’ అంటే నయం. అదీ సరిపోదు, ఎందుకంటే బుట్టలో ఎనిమిది సరుకులుంటే ‘తగ్గించు’ ఎనిమిదిసార్లు వస్తుంది. వేలితో తెర తడుముతూ మధ్యలో ఒక బటన్ మీదికి వచ్చిన మనిషికి అది దేన్ని తగ్గిస్తుందో తెలియదు. అందుకే సరుకు పేరు కూడా అందులో ఉండాలి. ‘బటన్’ అన్న మాట మాత్రం మనం చేర్చకూడదు. అది బటన్ అని టాక్‌బ్యాక్ తనంతట తానే చెబుతుంది, మనమూ రాస్తే ‘తగ్గించు బటన్, బటన్’ అని వినిపిస్తుంది.

తెలుగులో ఈ పేరు కూర్చేటప్పుడు ఒక చిక్కు వస్తుంది. ఇంగ్లిష్ యాప్ రాసేవారు తరచు రెండు ముక్కలను కోడ్‌లోనే అతికిస్తారు, ముందు క్రియ, వెనక సరుకు పేరు. అదే పద్ధతిలో తెలుగు చేయబోతే విభక్తి దగ్గర ఆగిపోతారు. కందిపప్పుకు ‘ను’ చేరిస్తే ‘కందిపప్పును తొలగించు’ అని బాగానే ఉంటుంది. అదే సూత్రం బెల్లం దగ్గరకు వస్తే ‘బెల్లంను’ అవుతుంది. మనం బెల్లాన్ని అంటాం, ఉల్లిపాయల్ని అంటాం, నెయ్యిని అంటాం. ప్రతి పేరుకూ సరైన రూపం ప్రోగ్రాం చేత చేయించడం తేలికైన పని కాదు. మధ్యలో కామా పెడితే చాలు. చేసే పని ముందు, సరుకు పేరు తర్వాత:

```xml
<string name="plus_label">ఒకటి పెంచు, %1$s</string>
<string name="minus_label">ఒకటి తగ్గించు, %1$s</string>
<string name="delete_label">తొలగించు, %1$s</string>
```

ఇందులో `%1$s` అన్నచోట సరుకు పేరు వచ్చి కూర్చుంటుంది. పనిని ముందు పెట్టడానికి ఇంకో కారణమూ ఉంది. స్క్రీన్ రీడర్ రోజూ వాడేవారిలో చాలామంది మాట వేగాన్ని బాగా పెంచుకుంటారు. కొత్తగా విన్నవారికి ఒక్క ముక్క అర్థం కానంత వేగం. మొదటి మాట వినగానే ఇది తనకు కావలసినదో కాదో నిర్ణయించుకుని, మిగతాది వినకుండానే ముందుకు జరిగిపోతారు. ఒకే వరుసలోని రెండు బటన్లూ ‘కందిపప్పు’ అనే మొదలైతే ప్రతిసారీ చివరిదాకా వినాల్సి వస్తుంది.

ఈ పేర్లను కోడ్‌లో నేరుగా రాయకుండా, పై విధంగా భాషల ఫైల్లో పెట్టాలి. తెర మీద కనబడే మాటలన్నీ తెలుగులోకి మార్చి, వినబడే మాటలను ఇంగ్లిష్‌లోనే వదిలేసిన యాప్‌లు నాకు తరచు ఎదురవుతుంటాయి. అనువాదానికి పంపిన జాబితాలో అవి లేకపోవడమే కారణం. కళ్లతో పరీక్షించేవారికి ఆ లోటు ఎన్నటికీ దొరకదు.

ఇంతకంటే ప్రమాదకరమైన లోపం ఒకటుంది. చాలా యాప్‌లలో సరుకు ఒకటే మిగిలినప్పుడు మైనస్ గుర్తు పోయి, ఆ స్థానంలో చెత్తబుట్ట బొమ్మ వస్తుంది. ఇంకోసారి నొక్కితే సరుకు బుట్టలోంచే పోతుందని హెచ్చరిక అది. కోడ్‌లో బొమ్మ మార్చిన డెవలపర్ పేరు మార్చడం మర్చిపోతే, కంటికి చెత్తబుట్ట కనబడుతున్నా చెవికి ‘ఒకటి తగ్గించు’ అనే వినబడుతుంది. నమ్మి రెండుసార్లు తడితే వరుస మొత్తం మాయమవుతుంది. బొమ్మ మారిన ప్రతిచోటా పేరూ మారాలి:

```kotlin
val label = if (item.count == 1) R.string.delete_label
            else R.string.minus_label
minus.contentDescription = context.getString(label, item.name)
```

నాలుగైదు సరుకులకు ఈ కోడ్ లేకపోయినా తేడా తెలియకపోవచ్చు. ఇరవై సరుకుల జాబితాలో ఇంకో వింత జరుగుతుంది. ఫోన్ ఇరవై వరుసలను ఒకేసారి తయారు చేయదు. తెర మీద పట్టినన్ని చేసి, పైకి జరిపినప్పుడు కనుమరుగైన వరుసనే తెచ్చి కింద కొత్త సరుకుకు వాడుకుంటుంది. అక్షరాలు, ధర, ఫొటో మార్చి, బటన్ పేరును మార్చకుండా వదిలేస్తే పాత పేరు అలాగే ఉండిపోతుంది. తెర మీద పంచదార కనబడుతుంది, బటన్ మాత్రం ‘తొలగించు, కందిపప్పు’ అంటుంది. అందుకే పైన రాసినట్టు, వరుస నింపిన ప్రతిసారీ, ‘ఒకటే ఉంటే’ అన్నదానికీ ‘లేకపోతే’ అన్నదానికీ రెండు దారుల్లోనూ పేరు పెట్టాలి. ఈ లోపం పట్టాలంటే జాబితాను చివరిదాకా జరిపి, మళ్లీ పైకి వచ్చి వినడం ఒక్కటే మార్గం.

పేర్ల పని అయింది. ఇక వేలి సంగతి.

ఆండ్రాయిడ్‌లో తెర మీది కొలతలను డీపీ అనే ప్రమాణంలో చెబుతారు. అంగుళంలో 160వ వంతును ఒక డీపీగా లెక్కవేస్తారు. నొక్కాల్సిన ఏ అంశానికైనా కనీసం 48 డీపీ వెడల్పు, 48 డీపీ ఎత్తు ఉండాలని గూగుల్ మార్గదర్శకాలు చెబుతాయి. లెక్కవేస్తే దాదాపు ఏడున్నర మిల్లీమీటర్లు. ఫోన్‌ను బట్టి కొంచెం అటూ ఇటూ అవుతుంది. ఆపిల్ తన ప్రమాణంలో 44 పాయింట్లు అంటుంది. మన వరుసలోని మైనస్ గుర్తు మామూలుగా 24 డీపీ ఉంటుంది. నాలుగు మిల్లీమీటర్లకు కూడా తక్కువ. పెద్దవాళ్ల వేలు మొన దీనికంటే వెడల్పు. చేయి వణికేవారికి, పార్కిన్సన్స్ ఉన్నవారికి, కుదుపుల బస్సులో ఒంటిచేత్తో ఫోన్ పట్టుకున్నవారికి ఇది అందదు. స్క్రీన్ రీడర్ వాడేవారికీ ఈ కొలతతో పని ఉంది. తెర మీద వేలు ఆడిస్తూ వెతికేటప్పుడు చిన్న బటన్ వేలికి తగలకుండానే దాటిపోతుంది.

దీనికి గుర్తును పెద్దది చేయనక్కర్లేదు. 24 డీపీ గుర్తును అలాగే ఉంచి, చుట్టూ నాలుగు వైపులా 12 డీపీల ఖాళీని బటన్‌లో భాగంగా చేర్చితే మొత్తం 48 అవుతుంది:

```xml
<ImageButton
    android:id="@+id/minus"
    android:layout_width="48dp"
    android:layout_height="48dp"
    android:padding="12dp"
    android:src="@drawable/ic_minus" />
```

ఇందులో `padding` అన్న మాటే కీలకం. ఆండ్రాయిడ్‌లో ఖాళీ ఇవ్వడానికి రెండు మార్గాలున్నాయి. ప్యాడింగ్ బటన్ లోపలి ఖాళీ, మార్జిన్ బటన్ బయటి ఖాళీ. 24 డీపీ బటన్‌కు 12 డీపీ మార్జిన్ ఇస్తే తెర మీద బొమ్మ అచ్చం ఇలాగే కనబడుతుంది, నొక్కే చోటు మాత్రం పాత 24 దగ్గరే ఉండిపోతుంది. రెండు ఫోన్లు పక్కపక్కన పెట్టి చూసినా ఏది సరైనదో కంటితో చెప్పలేరు. ఫోన్‌లో డెవలపర్ ఆప్షన్స్ తెరిచి, ‘Show layout bounds’ ఆన్ చేస్తే ప్రతి అంశం చుట్టూ గీతలు వస్తాయి. గీత గుర్తును హత్తుకుని ఉందా, దూరంగా ఉందా అన్నది అప్పుడు తెలుస్తుంది. టాక్‌బ్యాక్ ఆన్‌లో ఉన్నప్పుడు వచ్చే ఫోకస్ చట్రమూ ఇదే చూపిస్తుంది.

డిజైనర్లు ఇక్కడ ఒక న్యాయమైన ప్రశ్న అడుగుతారు. ఇంత చోటు ఎక్కడినుంచి వస్తుంది? లెక్క చూద్దాం. మామూలు ఫోన్ తెర వెడల్పు 360 డీపీ అనుకుందాం. రెండు పక్కల అంచులకు 32, ఫొటోకు 56, ఫొటోకూ పేరుకూ మధ్య 12 పోతే మిగిలేది 260. పాత పద్ధతిలో మైనస్, అంకె, ప్లస్ తలా 24 చొప్పున 72 తీసుకునేవి. పేరుకు 188 మిగిలేది. కొత్త పద్ధతిలో బటన్లకు 48 చొప్పున, అంకెకు 32, మొత్తం 128 పోయి పేరుకు 132 మిగులుతుంది. పొడవైన పేర్లు రెండో లైనుకు దిగుతాయి. వరుస ఎత్తు మాత్రం పెరగనక్కర్లేదు, ఫొటోయే 56 డీపీ ఉంది కాబట్టి 48 ఎత్తున్న బటన్ దాని పక్కన హాయిగా ఇముడుతుంది. పేరు ఒక లైను కిందికి దిగడం ఈ మార్పుకు మనం చెల్లించే మొత్తం ధర. అక్షరాలను పెద్దవి చేసుకున్న ఫోన్లో పేరు మూడు లైన్లు అవుతుంది, అప్పుడు వరుస సాగేలా వదలాలి. ఎత్తును బిగించేస్తే సగం పేరు కోసుకుపోతుంది.

కనబడే బటన్‌ను చిన్నదిగానే ఉంచి, నొక్కే చోటును చుట్టూ పెంచే టచ్ డెలిగేట్ అనే ఏర్పాటు కూడా ఉంది. దీన్ని తల్లి పెట్టెకు తగిలిస్తారు. ఒక పెట్టెకు ఒక్కటే పడుతుంది. మైనస్‌కు తగిలించి, తర్వాత ప్లస్‌కూ తగిలిస్తే మొదటిది చెరిగిపోయి ప్లస్ ఒక్కటే పెరుగుతుంది. మన వరుస లాంటి చోట ప్యాడింగే మేలని నా అభిప్రాయం.

ఇప్పుడు వినాలి. పేర్లు పెట్టారా, కొలతలు సరిపోయాయా అన్నది చూడటానికి గూగుల్ ఇచ్చే యాక్సెసిబిలిటీ స్కానర్ అనే ఉచిత యాప్ ఉంది. బుట్ట పేజీ తెరిచి దాని గుండ్రటి బటన్ నొక్కితే, లోపాలున్న చోట్ల నారింజ రంగు గళ్లు గీసి చూపిస్తుంది. పేరు లేని బటన్, 48 కంటే చిన్న చోటు, ఒకే పేరున్న రెండు బటన్లు, వెలిసిపోయినట్టున్న అక్షరాల రంగు, ఇవన్నీ పడుతుంది. దానితో మొదలుపెట్టడం మంచిదే. అక్కడితో ఆగడం మంచిది కాదు. పేరు ఉందా అన్నది స్కానర్‌కు తెలుస్తుంది, ఆ పేరు నిజమా అన్నది తెలియదు. పంచదార వరుసలో ‘తొలగించు, కందిపప్పు’ అన్న బటన్ దాని లెక్కలో పేరున్న బటనే.

అందుకే టాక్‌బ్యాక్ ఆన్ చేసి మనిషి పరీక్షించాలి. ఆన్ చేయడానికి ముందు ఆపడం ఎలాగో తెలుసుకోండి, లేకపోతే ఫోన్ చేతిలో బిగుసుకుపోయినట్టు అనిపిస్తుంది. యాక్సెసిబిలిటీ సెట్టింగ్స్‌లో టాక్‌బ్యాక్‌కు షార్ట్‌కట్ పెట్టుకుంటే, రెండు వాల్యూమ్ బటన్లను కలిపి కొన్ని సెకన్లు నొక్కి పట్టుకున్నప్పుడు ఆన్ అవుతుంది, మళ్లీ అలాగే చేస్తే ఆఫ్ అవుతుంది. జాబితాను జరపడానికి ఒక వేలు చాలదు, రెండు వేళ్లతో జరపాలి. టాక్‌బ్యాక్ సెట్టింగ్స్‌లో పలికే మాటలను తెర మీద అక్షరాల్లో చూపించే అవకాశమూ ఉంది. లోపం కనబడినప్పుడు స్క్రీన్‌షాట్ తీసి సహోద్యోగికి పంపడానికి అది పనికొస్తుంది. పరీక్ష మాత్రం చెవితోనే చేయాలి. తెర వెలుతురు పూర్తిగా తగ్గించండి, లేదా ఫోన్ మీద గుడ్డ కప్పండి. చూస్తూ వింటే మెదడు ఖాళీలను తనే పూరించేస్తుంది.

పేజీ మీద ఊరికే తిరగడం పరీక్ష కాదు. ఒక పని పెట్టుకోండి. కందిపప్పు రెండు కిలోలు చేయాలి, బెల్లం తీసేయాలి, మొత్తం ఎంతయిందో తెలుసుకుని ఆర్డర్ పెట్టాలి. మనం సరిచేసిన పేజీలోనే ఈ పని చేసి చూస్తే మూడు కొత్త సంగతులు బయటపడతాయి.

మొదటిది దూరం. ఫొటోను మౌనం చేసినా, ఒక్కో వరుసలో పేరు, ధర, మైనస్, అంకె, ప్లస్ అని ఐదు చోట్ల ఆగాలి. ఎనిమిది సరుకులుంటే ఆర్డర్ బటన్ చేరేసరికి వేలిని నలభైసార్లు జరపాలి. పేరు, ధర, అంకె విడివిడిగా వినాల్సినవి కావు. వరుస పెట్టెకు `android:screenReaderFocusable="true"` అని రాస్తే, ఆ మూడూ కలిసి ‘కందిపప్పు 1 కిలో, ₹160, 1’ అని ఒకేసారి వినబడతాయి. ఆండ్రాయిడ్ 9 నుంచి ఈ సౌకర్యం ఉంది. ఇప్పుడు వరుసకు మూడు ఆగుళ్లు, మొత్తం ఇరవై నాలుగు. బటన్లను కూడా కలిపేసి, వాటి పనులను టాక్‌బ్యాక్ మెనూలో దాచే పద్ధతి ఉంది. అలా చేస్తే వరుసకు ఒక్కటే ఆగుడు. అయితే ఆ మెనూ సంగతి తెలియని కొత్తవారికి తగ్గించే దారే కనబడదు. బుట్ట లాంటి పేజీలో బటన్లు బయటే ఉండటం మంచిది.

రెండోది మౌనం. ‘ఒకటి పెంచు, కందిపప్పు’ మీద రెండుసార్లు తట్టారు. కంటికి అంకె 2 అయింది, చెవికి ఏమీ వినబడలేదు. నొక్కుకుందో లేదో తెలియక మళ్లీ తడితే మూడు కిలోలు వస్తుంది. అంకె ఉన్న చోట `android:accessibilityLiveRegion="polite"` అని రాస్తే, అంకె మారినప్పుడల్లా, జరుగుతున్న మాట పూర్తయ్యాక దాన్ని చదువుతుంది. ఇది బాగుందని మొత్తం ధరకూ, డెలివరీ చార్జీకీ, ‘ఇంకో ₹40 కొంటే ఉచితం’ అన్న పట్టీకీ కూడా పెడితే ఒక్క తట్టుకు నాలుగు ప్రకటనలు మొదలవుతాయి. నేనైతే అంకెకు మాత్రమే పెడతాను. మొత్తం ఎంతో కావాలనుకున్నప్పుడు మనిషి అక్కడికి వెళ్లి వింటారు.

మూడోది దారి తప్పడం. బెల్లం తొలగించగానే ఆ వరుస పోయింది, దానితోపాటు టాక్‌బ్యాక్ నిలబడిన చోటూ పోయింది. చాలాసార్లు అది పేజీ మొదట్లో ఉన్న వెనక్కి బటన్ మీదికి వెళ్లి పడుతుంది. ఆరో సరుకు దగ్గర ఉన్న మనిషి మళ్లీ మొదటినుంచి నడవాలి. వరుస తీసేశాక తర్వాతి వరుస మీదికి ఫోకస్‌ను మనమే పంపాలి. తొలగించినప్పుడు కింద ‘రద్దు చేయి’ అని ఒక పట్టీ వచ్చి కొన్ని సెకన్లలో పోతుంది కదా, వినే మనిషి అక్కడికి చేరేలోపే అది మాయమైతే ఆ సౌకర్యం వారికి లేనట్టే. ఎంతసేపు ఉంచాలో వాడేవారు తమ ఫోన్ సెట్టింగ్స్‌లో చెప్పుకునే వీలు ఆండ్రాయిడ్ 10 నుంచి ఉంది. యాప్ ఆ అంకెను అడిగి తెలుసుకుని పాటించాలి.

ఈ మూడిటిలో ఒక్కటీ స్కానర్ చెప్పదు. పని పెట్టుకుని విన్నవారికే దొరుకుతాయి. ఇంత చేసినా, చూపున్న డెవలపర్‌కు ఒక పరిమితి ఉంటుంది. కళ్లు మూసుకున్నా పేజీ బొమ్మ తలలో ఉంటుంది, ఆర్డర్ బటన్ అడుగున ఉందని ముందే తెలుసు. ఆ బొమ్మ లేని మనిషి ఎక్కడ ఆగుతారో తెలియాలంటే రోజూ టాక్‌బ్యాక్ వాడేవారికి యాప్ ఇచ్చి పక్కన కూర్చోవాలి, వారి సమయానికి తగిన డబ్బు ఇవ్వాలి. వారు తడబడినప్పుడు ‘కింద ఉంది చూడండి’ అని చెప్పకుండా ఊరుకోవాలి. ఆ తడబాటే సరిచేయాల్సిన చోటు.

ఇది యాప్ చేసేవారి దయకు వదిలేసిన విషయం కాదు. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. దాని 42వ సెక్షన్ సమాచార సాంకేతిక సేవల గురించే. 2025 ఏప్రిల్ 30న ప్రజ్ఞా ప్రసూన్ కేసులో సుప్రీంకోర్టు, డిజిటల్ సేవలను అందుకోగలగడం రాజ్యాంగంలోని 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో భాగమని చెప్పింది. యాసిడ్ దాడిలో ముఖం, కళ్లు దెబ్బతిన్నవారు, చూపులేనివారు ఈ-కేవైసీ పూర్తి చేయలేకపోవడం ఆ కేసుకు మూలం. కెమెరా ముందు కళ్లార్పమని అడిగే యాప్ దగ్గర, కళ్లార్పలేని మనిషి ఆగిపోయారు.

యాప్‌లు చేసే పనిలో ఉన్నవారు వచ్చే వారం మీ యాప్‌లో ఎక్కువమంది వాడే ఒక్క పేజీని ఎంచుకుని, తెర మూసి, ఒక పనిని మొదటినుంచి చివరిదాకా చేసి చూడండి. యాప్ వాడేవారు లోపం కనబడితే ‘టాక్‌బ్యాక్‌తో పనిచేయడం లేదు’ అని మాత్రమే రాసి వదిలేయకండి. ఏ పేజీ, ఏ బటన్, అక్కడ ఫోన్ ఏం పలికింది, మీరు ఏం ఆశించారు, ఫోన్ మోడల్ ఏది, ఈ ఐదూ రాసి పంపండి. పేరు లేని బటన్‌ను సరిచేయడానికి ఒక్క లైను కోడ్ చాలు. అది ఎక్కడుందో తెలియకపోవడం వల్లే ఆ పని ఏళ్ల తరబడి ఆగిపోతోంది.